ఆరు గంటల పరుగు: బోర్డు మీద 58, నా షీటులో 54.8

ఉదయం 6:34కి అక్క యాభయ్యో ల్యాప్ పూర్తి చేసింది. పరుగు మొదలై 2 గంటల 4 నిమిషాలైంది. ట్రాక్ పక్కన పెట్టిన తెర మీద ఆమె నంబరు ఎదురుగా "అంచనా దూరం 58.1 కి.మీ." అని పడింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న షీటు మాత్రం అదే సమయానికి 54.8 అంటోంది. రెండింటికీ ఆధారం ఆమె ఒంటి మీది ఒకటే చిప్, ల్యాప్ ల్యాప్‌కూ దాన్ని చదివే ఒకటే మ్యాట్, అవే యాభై ల్యాప్ సమయాలు. అయినా మధ్యలో మూడు కిలోమీటర్లకు పైగా తేడా. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ అంకెను నమ్మి ఏ నిర్ణయం తీసుకున్నామో, చివరికి లెక్క ఎంతవరకు నిలబడిందో పూర్తిగా రాస్తున్నాను. టైమ్డ్ రన్‌లలో క్రూగా, అంటే రన్నర్‌కు తోడుగా ట్రాక్ పక్కన నిలబడేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది.

ముందు పరిస్థితి చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, గచ్చిబౌలి వైపు ఒక 400 మీటర్ల సింథటిక్ ట్రాక్. తెల్లవారుజామున 4:30కి మొదలు, 10:30కి ముగింపు. ఆరు గంటల పరుగులో దూరం ముందే ఖాయమై ఉండదు, సమయం ఖాయమై ఉంటుంది. గంట మోగేసరికి ఎవరు ఎంత దూరం వెళ్లారన్నదే ఫలితం. పూర్తయిన ల్యాప్‌లను 400తో గుణించి, ఆఖరి అసంపూర్ణ ల్యాప్‌ను చక్రం దొర్లించి కొలిచి కలుపుతారు. అక్కకు నలభై దాటాయి, బడిలో టీచరు, మారథాన్లు చాలా పరిగెత్తింది. ఈసారి ఆమె పెట్టుకున్న లక్ష్యం 54 కిలోమీటర్లు, అంటే 135 ల్యాప్‌లు.

ఆమె పాత మారథాన్ సమయాలను బట్టి ముందే అంచనా కట్టే ప్రయత్నం నేను చేయలేదు. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, ఆగస్టు ఉక్కలో సాగే హైదరాబాద్ మారథాన్ వేగం చదునైన ట్రాక్ మీద ఫిబ్రవరి తెల్లవారుజామున పరుగుకు కొలమానం కాదు. ఆ రోజు కాళ్లు ఏం చెబుతున్నాయో ఆ రోజు ల్యాప్‌లలోనే చూడాలి.

ల్యాప్ సమయాలను ఉన్నవి ఉన్నట్టు వాడితే లెక్క చెడుతుంది, కాబట్టి మొదటి పని శుభ్రం చేయడం. యాభై ల్యాప్‌లలో మూడు వింతగా కనిపించాయి. ఒకటి 4 నిమిషాల 58 సెకన్లు. చుట్టూ ఉన్న ల్యాప్‌లు 2:29 దగ్గర ఉన్నాయి. అంటే అది సరిగ్గా రెట్టింపు. మనిషి ఆగితే సమయం ముప్పై సెకన్లో, నిమిషమో పెరుగుతుంది గాని ఇంత కచ్చితంగా రెట్టింపు కాదు. చిప్‌ను మ్యాట్ ఒకసారి చదవలేదన్నమాట. నేను చేత్తో గీతలు గీసిన కాగితంలో ఆ ల్యాప్ ఉంది, లెక్కించే బల్ల దగ్గర చూపించి అప్పుడే సరిచేయించాను. రాత్రి చీకట్లో ఇలాంటివి జరుగుతాయి. పరుగు ముగిశాక అడిగితే నిరూపించడం కష్టం, అందుకే కాగితం మీద గీతలు గీసే పని ఎప్పుడూ మానకూడదు.

మిగతా రెండు నిజంగా ఆగినవే. ఒక ల్యాప్ 3:06, ఇంకోటి 3:21. నీళ్లు, ఉప్పు గోళీ, సగం అరటిపండు. ఈ రెండింటినీ పరుగు లెక్కలోంచి తీసి వేరే వరుసలో పెట్టాను. ఆగిన ల్యాప్‌లోంచి ఆ పక్కనున్న మామూలు ల్యాప్ సమయాన్ని తీసేస్తే ఆ ఆగడం ఎంత తిన్నదో తెలుస్తుంది: ఒకటి సుమారు 40 సెకన్లు, ఇంకోటి 50. ఇందులో బల్ల దగ్గర నిలబడిన సేపే కాదు, అక్కడికి వస్తూ నెమ్మదించిందీ, మళ్లీ అందుకోవడానికి పట్టిందీ కలిసి ఉంటాయి. మనకు కావలసిందీ ఆ మొత్తమే. పరుగు వేగం అలసటను బట్టి మెల్లగా మారుతుంది. ఆగడం క్రూ చేతిలో, ఆమె చేతిలో ఉన్న విషయం. రెండూ ఒకే సగటులో కలిపేస్తే దేన్ని మార్చగలమో, దేన్ని మార్చలేమో కనిపించదు.

తర్వాత పది పది ల్యాప్‌లను ఒక గుంపుగా తీసుకుని, ఒక్కో గుంపుకు మధ్యగతం చూశాను. పది సమయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమి రెండింటి సగటు తీసుకోవడమే. ఎవరినో దాటబోయి ఒక ల్యాప్ రెండు సెకన్లు పెరిగినా, ఇంకెవరి వెంటో పడి ఒక ల్యాప్ మూడు సెకన్లు తగ్గినా మధ్యగతం పెద్దగా కదలదు. యాభై ల్యాప్‌లకు వచ్చినవి ఇవి:

| ల్యాప్‌లు | మధ్యగతం (సెకన్లు) |
|---|---|
| 1–10 | 141 |
| 11–20 | 146 |
| 21–30 | 148 |
| 31–40 | 149 |
| 41–50 | 151 |

ఈ ఐదు అంకెలు చూస్తేనే బోర్డు ఎందుకు పొరబడుతోందో అర్థమవుతుంది. బోర్డు చేసేది ఒకటే: ఇప్పటిదాకా పట్టిన 7440 సెకన్లను 50తో భాగిస్తే ల్యాప్‌కు 148.8, ఆ లెక్కన 21600 సెకన్లలో 145 ల్యాప్‌ల పైచిలుకు, అంటే 58.1 కిలోమీటర్లు. కానీ అక్క ఇప్పటికే 148.8 దాటిపోయింది. ఆమె పరుగు మాత్రమే ల్యాప్‌కు 151కి పైగా తీసుకుంటోంది, ఆగినవి కలపకుండానే. చల్లని చీకట్లో, తాజా కాళ్లతో పరిగెత్తిన మొదటి ల్యాప్‌లు ఆ సగటును ఇంకా కిందికి లాగుతూనే ఉన్నాయి. సగటు ఎప్పుడూ రన్నర్ వెనకాలే నడుస్తుంది.

కొంచెం అనుభవమున్న క్రూ ఇక్కడ సగటు వదిలేసి ఇప్పటి ల్యాప్ సమయం పట్టుకుంటారు. మిగిలిన 14160 సెకన్లను 151.6తో భాగిస్తే 93.4 ల్యాప్‌లు, మొత్తం 143.4, అంటే 57.4 కిలోమీటర్లు. ఇది బోర్డు కన్నా నయమే. అయినా ఇందులోనూ ఒక ఊహ దాగి ఉంది: ఇక మీదట ఆమె అసలు నెమ్మదించదని. రెండు గంటలుగా పది ల్యాప్‌లకోసారి సెకనున్నర పెరుగుతూ వచ్చినది ఉన్నట్టుండి ఎందుకు ఆగుతుంది? కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ తరుగుతోంది, ప్రతి అడుగుకూ తొడ కండరాలు దెబ్బతింటున్నాయి, ఒళ్లు వేడెక్కిన కొద్దీ చర్మానికి వెళ్లే రక్తం పెరిగి అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటోంది. ఇవేవీ మధ్యలో ఆగేవి కావు.

కాబట్టి మిగిలిన పరుగుకు వాడాల్సింది గడిచిన సగటూ కాదు, ఇప్పటి ల్యాపూ కాదు. మిగిలిన ల్యాప్‌లలో సరిగ్గా మధ్యలో ఉండే ల్యాప్ సమయం. పెరుగుదల ఒకే తీరుగా ఉంటే మిగిలిన అన్ని ల్యాప్‌ల సగటూ ఆ మధ్య ల్యాపే అవుతుంది.

దానికి ముందు ఎంత చొప్పున పెరుగుతోందో తేల్చుకోవాలి. నేను మొదటి గుంపును, అంటే 141ని, పక్కన పెట్టాను. 141 నుంచి 146కి దూకడం అలసట కాదు. అందరూ ఒకేసారి బయల్దేరిన ఊపు తగ్గి తన వేగానికి సర్దుకోవడం. దాన్ని కూడా కలిపి, మధ్యగతాలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయేలా ఒక తిన్నని గీత గీస్తే ల్యాప్‌కు 0.23 సెకన్ల చొప్పున పెరుగుతున్నట్టు వస్తుంది, అంచనా 54.0కి పడిపోతుంది. మిగిలిన నాలుగు గుంపులకు గీత గీస్తే ల్యాప్‌కు 0.16 సెకన్లు, అంటే పది ల్యాప్‌లకు 1.6. ఆ గీత మీద యాభయ్యో ల్యాప్ దగ్గర విలువ 151.6. ఆఖరి ల్యాప్‌కు గడియారం చూపిన సమయం కాకుండా గీత మీది విలువే తీసుకోవాలి, ఒక్క ల్యాప్ ఎటైనా ఊగవచ్చు.

ఇక మిగిలిన సమయం. గడియారం ప్రకారం 14160 సెకన్లు. అందులో ఆగడాలకు 6 నిమిషాలు కేటాయించాను. మొదటి రెండు గంటల్లో ఒకటిన్నర నిమిషమే అయినా, ఎండ ఎక్కాక ఆగడాలు పెరుగుతాయి, ఒకసారి బాత్రూమ్‌కు వెళ్లడమూ తప్పదు. పోగా పరుగుకు మిగిలేవి 13800 సెకన్లు.

ట్రాక్ పక్కన దీన్ని ఫోన్ కాలిక్యులేటర్‌తోనే చేయవచ్చు. ఇంకో 90 ల్యాప్‌లు అవుతాయని ఊహిద్దాం. వాటి మధ్య ల్యాప్ ఇక్కడి నుంచి 45వది. 45 సార్లు 0.16 అంటే 7.2. 151.6కి కలిపితే 158.8. 13800ని 158.8తో భాగిస్తే 86.9. మన ఊహ 90 కాస్త ఎక్కువైంది, ఇప్పుడు 87తో మళ్లీ చేయాలి. మధ్య 43.5వది, దాని సమయం 158.6, భాగిస్తే 87.0. రెండోసారికే స్థిరపడింది. ఇప్పటిదాకా 50, ఇక మీదట 87, మొత్తం 137 ల్యాప్‌లు. 54.8 కిలోమీటర్లు.

షీటులో అయితే ఒక్క గడిలో పెట్టుకోవచ్చు. B1లో గీత మీద ఇప్పటి ల్యాప్ సమయం, B2లో ల్యాప్‌కు పెరిగే సెకన్లు, B3లో పరుగుకు మిగిలిన సెకన్లు:

```
=(-B1+SQRT(B1^2+2*B2*B3))/B2
```

పెరుగుదల కోసం SLOPE ఫార్ములా వాడితే చాలు: గుంపుల మధ్యగతాలు ఒక వరుస, ఆ గుంపుల నడిమి ల్యాప్ నంబర్లు (15.5, 25.5 అలా) ఇంకో వరుస. B2 సున్నా అయితే ఈ ఫార్ములా తప్పు చూపిస్తుంది. అసలు నెమ్మదించని రన్నర్‌కు మామూలు భాగహారమే చేసుకోవాలి.

ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. ప్రతి ల్యాప్‌కూ ఇన్ని సెకన్లు అని ఎందుకనుకోవాలి, ఇంత శాతం అని ఎందుకనుకోకూడదు, లేదా గంటగంటకూ వేగమే ఒకే తీరున తగ్గుతోందని ఎందుకనుకోకూడదు అని. మూడూ వేసి చూశాను. శాతం చొప్పున లెక్కిస్తే అంచనా దాదాపు 80 మీటర్లు తగ్గింది, వేగం చొప్పున అయితే 150 మీటర్లు. అంతే. ల్యాప్ సమయం మొత్తం మీద పది పదిహేను శాతం లోపు పెరిగే పరుగులో ఏ గీత ఆకారం ఎంచుకున్నారన్నది దాదాపు ఏమీ మార్చదు. మొదటి గుంపును ఉంచడమా తీయడమా అన్నది 800 మీటర్లు మార్చింది, ఆగడాలకు ఆరు నిమిషాలు కేటాయించడమా మానడమా అన్నది దాదాపు 900 మీటర్లు మార్చింది. అందుకే ఫార్ములా మీద వాదించే సమయాన్ని ల్యాప్‌లు శుభ్రం చేయడానికి వాడమంటాను.

పెరుగుదల అంకె ఎంత నమ్మదగినదో కూడా చూడాలి. నాలుగు గుంపుల్లో ఏ రెండు పక్కపక్కవి తీసుకున్నా 0.1కీ 0.2కీ మధ్య వస్తోంది. గీత మొత్తం మీద గీసినప్పుడు అనిశ్చితి అంతకన్నా తక్కువే ఉంటుంది. 0.12 అయితే 55.4, 0.20 అయితే 54.3. అంటే రెండు గంటల దగ్గర నా అంచనా 54.8 అనే ఒక్క అంకె కాదు, 54.3 నుంచి 55.4 దాకా ఒక పట్టీ. బోర్డు చెప్పిన 58.1 ఆ పట్టీకి దరిదాపుల్లో కూడా లేదు. ముప్పయ్యో ల్యాప్ దగ్గర నేను ఏ అంచనా వేయలేదు. అప్పటికి వాడదగ్గ గుంపులు రెండే, వాటిలో ఒక్కోటి సెకను అటూ ఇటూ అయితే పెరుగుదల సున్నా అనీ చెప్పొచ్చు, రెట్టింపు అనీ చెప్పొచ్చు.

ఇప్పుడు నిర్ణయం సంగతి. యాభై రెండో ల్యాప్‌లో అక్క బల్ల దగ్గర వేగం తగ్గించి, "తమ్మీ, బోర్డు మీద యాభై ఎనిమిది చూపిస్తుంది గదా. జర కూసొని బూట్లు మార్చుకుంట, కాళ్లు పిసికించుకుంట. పది నిమిషాలు" అంది. అరికాలు మండుతోందని ముందే చెప్పింది. ఆమె కోరిక అన్యాయమైనదేం కాదు. 58 నిజమైతే 54కి నాలుగు కిలోమీటర్ల వెసులుబాటు ఉంది, దాదాపు 25 నిమిషాలు. పది నిమిషాలు కూర్చుంటే నష్టమేమీ లేదు.

నా షీటు ప్రకారం వెసులుబాటు రెండు ల్యాప్‌లే, ఐదు నిమిషాల పైచిలుకు. పది నిమిషాలంటే ల్యాప్ 158 సెకన్ల చొప్పున దాదాపు నాలుగు ల్యాప్‌లు, ఒకటిన్నర కిలోమీటరు. లక్ష్యం అక్కడే పోతుంది. "అక్కా, బోర్డు నమ్మకు. నీకున్నది రెండు ల్యాప్‌ల మిగులే. బూట్లు మారుద్దాం, పిసకడం వద్దు, రెండు నిమిషాల్లో పంపిస్తా" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సరే, బూట్లు విప్పి పెట్టు, వచ్చే చక్కర్ల ఆగుత" అని వెళ్లిపోయింది. కొత్త బూట్ల లేసులు వదులు చేసి, సాక్స్ విప్పి సిద్ధంగా ఉంచాం. ఆమె వచ్చి కూర్చుని, అరికాలికి వాసెలిన్ రాసి, బూట్లు మార్చి లేచేసరికి రెండు నిమిషాలు. ఆ ఆగడం ఖర్చు 120 సెకన్లని ల్యాప్ సమయంలోనే తేలింది. కేటాయించిన 6 నిమిషాల్లో 4 మిగిలాయి.

తర్వాతి నలభై ల్యాప్‌లు గీత మీదే నడిచాయి: 153, 155, 156, 158. తొంభయ్యో ల్యాప్ పూర్తయ్యేసరికి 3 గంటల 49 నిమిషాల 40 సెకన్లు. గీత మళ్లీ గీస్తే పెరుగుదల 0.17, అంచనా 54.6. సమాచారం దాదాపు రెట్టింపైనా అంచనా 200 మీటర్లే కదిలింది. ఇలా నిలకడగా ఉన్నప్పుడు నేను ప్రతి పది ల్యాప్‌లకూ రన్నర్‌కు అంకె చెప్పను. "సరిగ్గా ఉన్నావ్" అంటే చాలు. మారినప్పుడు మాత్రం వెంటనే చెప్పాలి.

మారింది. అప్పటికి ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున చలిగా ఉన్నా, ఎనిమిది దాటాక నీడలేని ట్రాక్ మీద ఎండ నేరుగా తగులుతుంది, ఎర్ర రబ్బరు కింది నుంచి వేడి కొడుతుంది. 91–100 గుంపు 161 వచ్చింది. పాత గీత ప్రకారం దాదాపు 160 రావాలి. ఒక్క సెకను తేడా, దానికి నేనేమీ చేయలేదు. ఒక్క గుంపు గీత నుంచి జరిగితే అది ఏదైనా కావచ్చు. 101–110 గుంపు 165 వచ్చింది. గీత చెప్పేది 161 పైచిలుకు. వరుసగా రెండు గుంపులు ఒకే వైపుకు, రెండోది మొదటిదానికన్నా ఎక్కువగా జరిగాయి. గీత విరిగిందనడానికి నేను పెట్టుకున్న గుర్తు ఇదే. ఇక పాత ల్యాప్‌లను పట్టుకుని వేలాడితే అవి చల్లటి గంటల కథే చెబుతాయి.

అప్పుడు చివరి మూడు గుంపులతోనే కొత్త గీత గీశాను: 158, 161, 165. పెరుగుదల ల్యాప్‌కు 0.35, అంతకుముందున్న దానికి రెట్టింపు. గీత మీద నూట పదో ల్యాప్ 166.4. గడియారం 4:45, మిగిలింది 4500 సెకన్లు. మధ్యలో ఐస్ స్పాంజి కోసం ఒక నిమిషం ఆగింది కాబట్టి ఆగడాల కేటాయింపులో ఇంకా 180 సెకన్లున్నాయి. పరుగుకు 4320. మధ్య ల్యాప్ దాదాపు 170.8. భాగిస్తే 25.3 ల్యాప్‌లు. మొత్తం 135.3, అంటే 54.1 కిలోమీటర్లు.

మూడు గుంపులతో గీసిన గీత బలహీనమైనది. మొదట నాలుగు గుంపులతో గీసినదాని గురించే అంత జాగ్రత్త చెప్పి ఇక్కడ మూడింటిని నమ్మడమెందుకంటే, మిగిలిన దూరం తక్కువ. పాత గీతే పట్టుకున్నా ఇక్కడ 54.5 వచ్చేది, కొత్తది 54.1. నాలుగు గంటలు మిగిలి ఉన్నప్పుడు పెరుగుదలలో చిన్న పొరపాటు కిలోమీటర్లలోకి వెళ్తుంది, గంటంబావు మిగిలినప్పుడు అది వందల మీటర్లే. పైగా లక్ష్యానికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ రెండింటిలో తక్కువదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోవడం మేలు.

54.1 అంటే 135 ల్యాప్‌ల మీద మిగులు మూడో వంతు ల్యాప్, సుమారు 50 సెకన్లు. అక్కకు ఇది ఉన్నది ఉన్నట్టు చెప్పాను: "అక్కా, యాభై నాలుగు అయితది. కానీ ఇంక కూసునుడు లేదు. నీళ్లు, ఐస్ నేనే పక్కన ఉరికి ఇస్త." సహాయం తీసుకునే గీత గీసిన చోటులోపలే ఇచ్చాం, నిర్వాహకులు అందుకు అనుమతించారు. ఆమె మాట్లాడలేదు, చెయ్యెత్తింది. ఆ తర్వాతి రెండు గుంపులు 169, 172. నూట ఇరవై ల్యాప్ తర్వాత ఒక్కసారి కాలు పట్టేసి 100 సెకన్లు ఆగింది, తర్వాత ఇంకో 20. మొత్తంగా యాభయ్యో ల్యాప్ తర్వాత ఆగినది ఐదు నిమిషాలు. కేటాయించిన ఆరులో ఒక నిమిషం మిగిలింది.

నూట ముప్పయ్యో ల్యాప్ దాటి, ఆ 20 సెకన్లు పోను, ఇంకా 970 సెకన్లున్నాయి. అప్పుడే ముగింపు పరుగు మొదలుపెట్టమన్నాను. పదహారు నిమిషాల్లో అయిపోతుందని తెలిసిన శరీరం ఆరు గంటలుగా దాచుకున్నది బయటికి తీస్తుంది, ఇది చాలామంది రన్నర్లలో చూస్తాం, ఏ గీతా దీన్ని ముందే చెప్పదు. అందుకే నేను దీన్ని అంచనాలో ఎప్పుడూ కలపను. వస్తే వచ్చింది. ఆమె ఆరు ల్యాప్‌లు సగటున 158లో తిరిగింది. గంట మోగినప్పుడు నూట ముప్పై ఏడో ల్యాప్‌లో 56 మీటర్ల దగ్గర చేతిలోని నంబరు గుర్తును నేలమీద పెట్టింది. 136 ల్యాప్‌ల 56 మీటర్లు, 54.456 కిలోమీటర్లు.

ఆమె చేతి వాచీ అంతకన్నా ఎక్కువే చూపించింది, ఆమెకు దాని మీద కొంచెం ఆశ కూడా కలిగింది. వంపుల మీద జీపీఎస్ తప్పే కాకుండా, నెమ్మదిగా వెళ్లేవారిని దాటడానికి రెండో లేన్‌లోకి వెళ్లిన ప్రతిసారీ కాళ్లు నిజంగానే ఎక్కువ దూరం వెళ్తాయి. రెండో లేన్‌లో పూర్తి చుట్టు 407 మీటర్లు. కానీ లెక్కలోకి వచ్చేది 400 మాత్రమే. అందుకే అంచనాకు వాచీలోని కిలోమీటర్ వేగాన్ని ఎప్పుడూ వాడకూడదు. మ్యాట్ దాటిన సమయాలే వాడాలి. వాటిలో దాటడానికి పట్టిన అదనపు సమయం ముందే కలిసి ఉంటుంది.

పరుగయ్యాక షీటు ముందు కూర్చుని రెండు గంటల నాటి 54.8కీ చివరి 54.46కీ మధ్య 340 మీటర్లు ఎటు పోయాయో విడదీశాను. ఆగడాల్లో మిగిలిన నిమిషం సుమారు 150 మీటర్లు కలిపింది. ముగింపు పరుగు సుమారు 240. ఈ రెండూ లేకపోతే 730 మీటర్లు తగ్గి ఉండేది. అందులో తొంభయ్యో ల్యాప్ లోపు పెరుగుదల కాస్త ఎక్కువ కావడం వల్ల పోయినది 170. మిగతా 560 మీటర్లు ఎండ ఎక్కిన తర్వాతివి. అది ఎండేనని, పేరుకున్న అలసట కాదని ఈ ఒక్క పరుగును బట్టి రుజువు చేయలేను. గీత విరగడం సరిగ్గా నీడ పోయిన వేళకు మొదలైందన్నది మాత్రం ల్యాప్‌లలో కనిపిస్తోంది. మొదటి గంట 144కి బదులు 148తో మొదలుపెట్టి ఉంటే దూరం పెరిగేదా అన్నది కూడా ఈ షీటు చెప్పదు. అది పరిగెత్తిన తీరును ముందుకు పొడిగిస్తుందే గాని, పరిగెత్తని తీరును ఊహించదు.

ఈ అనుభవంతో షీటులో ఒక మార్పు చేశాను. ఎండ తగిలే వేళను ముందే ఒక గడిలో పెట్టి, ఆ తర్వాతి ల్యాప్‌లకు వేరే పెరుగుదల వాడుతున్నాను. దాని విలువ ముందే తెలియదు కాబట్టి మొదటి గీత విలువకు రెట్టింపు పెట్టి మొదలుపెడతాను. అక్క పరుగు మీద ఆ పద్ధతితో వెనక్కి వెళ్లి లెక్కిస్తే, రెండు గంటల దగ్గరే అంచనా 54.8కి బదులు 54.4 దగ్గర వచ్చేది. వచ్చే పరుగు 3:30కి మొదలుపెట్టగలిగితే ఎండలో పడే ల్యాప్‌లు ఇరవైకి పైగా తగ్గుతాయి. నిర్వాహకులను అదే అడుగుతున్నాం.